వాలు మీద కారు: 3 శాతం దగ్గరే మొదలయ్యే లెక్క

శాన్‌ఫ్రాన్సిస్కోలో 3 శాతం దాటిన వాలు మీద కారు ఆపినవాళ్లు ముందు చక్రాలను తిప్పి, ఫుట్‌పాత్ గట్టు వాటికి అడ్డం పడేలా ఉంచాలి. హ్యాండ్‌బ్రేక్ ఎంత గట్టిగా లాగినా చక్రాలు తిన్నగా ఉంటే జరిమానా చీటీ రావచ్చు. ఆ ఊరు కొండల ఊరు. ఫిల్‌బర్ట్ వీధిలో హైడ్, లెవెన్‌వర్త్ వీధుల మధ్య ముక్క 31.5 శాతం వాలుతో ఉంటుంది. అలాంటి చోట చక్రం తిప్పమంటే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ 3 శాతమంటే 100 అడుగులు ముందుకు వెళితే 3 అడుగులు ఎక్కడం. మామూలు కంటికి అది చదునైన రోడ్డే. అంత చిన్న వాలుకు కూడా ఈ నియమం అవసరమా అనిపిస్తుంది.

లెక్క వేసి చూస్తే అవసరమే అని తేలుతుంది. మనుషులతో, సామాన్లతో కలిపి 1,000 కిలోలు తూగే చిన్న కారును తీసుకుందాం. న్యూట్రల్‌లో, బ్రేకు లేకుండా చదునైన తారు రోడ్డు మీద దాన్ని కదిలించాలంటే సుమారు 10 నుంచి 15 కిలోల బలం చాలు. టైర్లు దొర్లడానికి ఇచ్చే ప్రతిఘటన అంతే. 3 శాతం వాలు మీద భూమి ఆ కారును కిందికి 30 కిలోల బలంతో లాగుతుంది. అంటే ఆపే బలానికి రెట్టింపు. మిగిలిన బలం కొంచెమే అయినా పది సెకన్లలో కారు దాదాపు 9 మీటర్లు జరుగుతుంది, గంటకు 6 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అది మనిషి గబగబా నడిచే వేగం. కాకపోతే వెనక 1,000 కిలోల బరువు ఉంటుంది. 1 శాతం వాలు దగ్గర కారు కదలొచ్చు, కదలకపోవచ్చు. 3 దగ్గర ఆ సందేహం ఉండదు.

మీ వీధి వాలు ఎంతో తెలుసుకోవడం తేలిక. ఒక మీటరు పొడవున్న తిన్నని కర్రను పై కొస రోడ్డుకు ఆనించి, అడ్డంగా సమంగా పట్టుకోండి. కింది కొస నేల నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉందో అదే శాతం. ఫోన్‌లో మట్టం చూపే యాప్ ఉంటే ఫోన్‌ను రోడ్డు మీదే పెట్టి చూడాలి, డ్యాష్‌బోర్డు మీద కాదు. అది డిగ్రీల్లో చెబుతుంది. డిగ్రీలను ఒకటీ ముప్పావుతో గుణిస్తే దాదాపుగా శాతం వస్తుంది. 

ఇలా కొలిచినప్పుడు చాలామందికి ఆశ్చర్యం కలిగించేది ఘాట్ రోడ్డు కాదు, సొంత అపార్ట్‌మెంటు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొండదారులకు మామూలుగా 5, 6 శాతం వాలే పెట్టమంటుంది, తప్పనిసరైన చోట 7, 8 దాకా ఒప్పుకుంటుంది. మన అపార్ట్‌మెంట్లలో సెల్లార్‌కు దిగే ర్యాంపు చాలాచోట్ల 8 అడుగులకు 1 అడుగు, అంటే 12.5 శాతం. ఘాట్ రోడ్డు మీద ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నడిపే మనిషే సెల్లార్ ర్యాంపు మీద గేటు తీయడానికని కారు ఆపి, అలాగే దిగిపోతాడు.

హ్యాండ్‌బ్రేక్ ఎంత వాలును ఆపుతుంది

కార్ల బ్రేకులకు ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో ఒక కొలత ఉంది. పూర్తి బరువుతో ఉన్న కారును 20 శాతం వాలు మీద, ముక్కు పైకి పెట్టినా కిందికి పెట్టినా, పార్కింగ్ బ్రేకు ఒక్కటే కదలకుండా పట్టి ఉంచాలి. అమెరికా ప్రమాణంలోనూ అదే 20 శాతం ఉంది, ఐదు నిమిషాల పాటు నిలబెట్టి చూస్తారు. డిగ్రీల్లో చెబితే అది 11 పైచిలుకు. మన వీధుల్లో అంత వాలు అరుదు కాబట్టి హ్యాండ్‌బ్రేక్ ఉండగా వేరే ఏదీ అక్కర్లేదని అనుకోవచ్చు. కానీ అది కొత్త కారు, కొత్త కేబులు, కొత్త లైనర్ల లెక్క. కేబులు ఏళ్లతో పాటు సాగుతుంది, లైనర్ అరుగుతుంది. లివర్ మునుపటి కంటే రెండు మూడు క్లిక్కులు ఎక్కువ పైకి వస్తోందంటే అరుగుదల మొదలైనట్టే. మీ కారుకు ఎన్ని క్లిక్కులుండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ముందూ వెనకా ఖాళీగా ఉన్నప్పుడు సెల్లార్ ర్యాంపు మీదే పరీక్షించవచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి, కాలిబ్రేకు మీది నుంచి పాదాన్ని మెల్లగా లేపాలి. పాదం మాత్రం పెడల్ మీదే సిద్ధంగా ఉండాలి. 12.5 శాతం మీదే కారు జారిందంటే నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

రెండో చిక్కు కేబులుది కాదు, టైరుది. హ్యాండ్‌బ్రేక్ దాదాపు అన్ని కార్లలోనూ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. బ్రేకు చక్రాన్ని ఎంత బిగించినా, ఆ చక్రం రోడ్డును పట్టుకోవాలి కదా. పట్టు చక్రం మీదున్న బరువును బట్టి ఉంటుంది. పొడి తారు మీద మంచి టైరు తనమీద పడే ప్రతి 100 కిలోలకు 70 నుంచి 80 కిలోల లాగుడును తట్టుకుంటుంది. వాన పడి, టైరు అరిగి ఉంటే అది 50కో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది.

ఇప్పుడు మన 1,000 కిలోల కారునే 20 శాతం వాలు మీద నిలబెడదాం. చిన్న కార్లలో ఇంజన్ ముందుంటుంది కాబట్టి చదును మీద బరువులో 600 కిలోలు ముందు చక్రాల మీద, 400 వెనక చక్రాల మీద ఉన్నాయనుకుందాం. వాలు కిందికి లాగే బలం 196 కిలోలు. కారు ముక్కు పైకి ఉంటే బరువు కొంత వెనక్కి ఒరిగి వెనక చక్రాల మీద సుమారు 435 కిలోలు పడతాయి. ప్రతి 100 కిలోలకు 45 కిలోల పట్టు చాలు. అదే కారు ముక్కు కిందికి పెట్టి ఆగితే బరువు ముందుకు ఒరిగిపోతుంది, వెనక చక్రాల మీద 348 కిలోలే మిగులుతాయి. అప్పుడు ప్రతి 100కు 56 కావాలి. పొడి రోడ్డు మీద రెండూ నిలబడతాయి. వాన రోజున మొదటిది నిలబడొచ్చు, రెండోది వెనక చక్రాలు బిగుసుకుని ఉండగానే జారిపోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ తప్పేమీ లేదు, అది తన పని చేసింది. మెకానిక్ చూసి అంతా బాగానే ఉందనే అంటాడు.

ఇక్కడే గేర్ అక్కరకొస్తుంది. ముందు చక్రాలతో నడిచే కారును గేర్‌లో ఉంచితే ఇంజన్ ముందు చక్రాలను పట్టుకుంటుంది, హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలను పట్టుకుంటుంది. నాలుగు చక్రాలూ పనిచేస్తే ప్రతి 100 కిలోలకు 20 కిలోల పట్టు చాలు, అది వానలోనూ దొరుకుతుంది. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లకు ఈ లాభం లేదు. అక్కడ హ్యాండ్‌బ్రేకూ గేరూ రెండూ పట్టుకునేది ఆ వెనక చక్రాలనే. ఒకటి తెగితే ఇంకొకటి ఉంటుందన్న ధీమా తప్ప రోడ్డు మీద పట్టు పెరగదు. అందుకే అలాంటి బండిని తడిసిన వాలు మీద ముక్కు కిందికి పెట్టి ఆపేటప్పుడు గట్టూ, రాయీ తప్పనిసరి అంటాను.

ఏ గేర్? ముక్కు పైకి ఉంటే ఫస్ట్, కిందికి ఉంటే రివర్స్ అని డ్రైవింగ్ స్కూళ్లలో నేర్పుతారు. బండి దొర్లబోయే దిక్కుకు ఎదురు గేర్ అన్నమాట. అసలు బలం దిక్కులో కన్నా గేర్ నిష్పత్తిలో ఉంది. 10 శాతం వాలు మీద మన కారు దొర్లకుండా ఉండాలంటే ఫస్ట్ గేర్‌లో ఇంజన్ సుమారు 20 న్యూటన్ మీటర్ల మెలిని ఆపితే చాలు. ఐదో గేర్‌లో ఉంచితే 90 పైచిలుకు ఆపాలి, అంత బిగువు ఆగి ఉన్న చిన్న ఇంజన్‌లో ఉండదు. రివర్స్ కూడా ఫస్ట్ లాగే బలమైన గేర్, కాబట్టి రెండూ పనికొస్తాయి. గేర్ ఒక్కదాన్నే నమ్మకూడదు కూడా. సిలిండర్లలో నొక్కుకున్న గాలి పిస్టన్ రింగుల పక్కనుంచి మెల్లగా తప్పించుకుంటుంది, బండి ఒక్కో కుదుపుతో ఒక్కో అడుగు జరుగుతూ పోతుంది.

ఆటోమేటిక్ కారులో గేర్‌కు బదులు పీ ఉంటుంది. గేర్‌బాక్సులో పళ్ల చక్రం సందులోకి దిగే చిన్న ఇనుప కొక్కెం అది. చాలామంది కాలిబ్రేకు మీద ఆగి, పీలో పెట్టి, పాదం తీసి, ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్ లాగుతారు. పాదం తీయగానే బండి రెండంగుళాలు దొర్లి ఆ కొక్కెం మీద కూర్చుంటుంది, హ్యాండ్‌బ్రేక్‌కు పని మిగలదు. మర్నాడు పొద్దున పీ నుంచి తీసేటప్పుడు లివర్ బిగుసుకుని, బలంగా లాగితే టక్కుమని కుదుపు వస్తే ముందురోజు జరిగింది అదే. వరస మార్చితే సరిపోతుంది. కాలిబ్రేకు మీద ఆగి న్యూట్రల్‌లో పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి, పాదం మెల్లగా వదిలి బండి బరువు దాని మీద కూర్చోనివ్వాలి. మళ్లీ కాలిబ్రేకు నొక్కి పీలో పెట్టాలి. మాన్యువల్ కారుకూ ఇదే వరస, చివర పీకి బదులు ఫస్ట్ గేరో రివర్సో.

పీలో ఉందనుకుని దిగిపోవడం కూడా ఒక ప్రమాదమే. 2016 జూన్‌లో హాలీవుడ్ నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజిలెస్‌లో తన ఇంటి ఏటవాలు దారి మీద సొంత జీప్ గ్రాండ్ చెరొకీ వెనక్కి దొర్లి మీద పడడంతో చనిపోయాడు. ఆ బండి గేర్ లివర్ ఏ గేర్‌లో పెట్టినా మళ్లీ మధ్యకే వచ్చే రకం. చేతికి తెలియకపోవడంతో డ్రైవర్లు పొరబడుతున్నారని, అలాంటి లివరున్న సుమారు 11 లక్షల బండ్లను కంపెనీ అప్పటికి రెండు నెలల ముందే వెనక్కి పిలిపించింది. డ్యాష్‌బోర్డులో పీ అక్షరం చూసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, అప్పుడు తలుపు తీయమని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చక్రం తిప్పితే ఏమవుతుంది

పైన చెప్పినవన్నీ బండిని పట్టుకుని ఉంచేవి. చక్రం తిప్పడం పట్టుకోవడం కాదు. పట్టు తప్పినప్పుడు బండి ఎంత దూరం పోతుందో నిర్ణయించడం. 10 శాతం వాలు ఉన్న ఒక జూబ్లీహిల్స్ గల్లీలో మన కారు ఉందనుకుందాం, కింద 20 మీటర్ల దూరంలో గేటు. హ్యాండ్‌బ్రేక్ తెగింది, గేర్ వేయలేదు. చక్రాలు తిన్నగా ఉంటే కారు ఏడు సెకన్లలో గేటు దగ్గరుంటుంది, గంటకు 21 కిలోమీటర్ల వేగంతో. చక్రాలు గట్టు వైపు తిరిగి ఉండి, టైరుకూ గట్టుకూ మధ్య దొర్లడానికి 30 సెంటీమీటర్లే ఉంటే తగిలేటప్పటి వేగం రెండున్నర కిలోమీటర్లు. దెబ్బ బలం దొర్లిన దూరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండో దాని కంటే మొదటిది 65 రెట్లకు పైగా ఎక్కువ. టైరు ముందే గట్టుకు ఆనుకుని ఉంటే దెబ్బే లేదు. కాలిఫోర్నియా డ్రైవర్ల చేతిపుస్తకంలో చక్రం తిప్పాక బండిని కొన్ని అంగుళాలు దొర్లనిచ్చి టైరును మెత్తగా గట్టుకు తాకించమనడంలో అర్థం ఇదే. తిప్పి వదిలేసినవాడు పని సగమే చేసినట్టు.

ఏ వైపు తిప్పాలన్నది ముక్కు ఎటుందో దాన్ని బట్టి మారుతుంది. మన దేశంలో ఎడమ పక్క ఆపుతాం కాబట్టి ఎడమ ముందు టైరును మాత్రం కళ్ల ముందు ఉంచుకుంటే చాలు. ముక్కు కిందికి ఉంటే స్టీరింగ్ ఎడమకు, అంటే గట్టు వైపు తిప్పాలి. బండి ముందుకు దొర్లితే టైరు ముందు భాగం గట్టును తాకి ఆగుతుంది. ముక్కు పైకి ఉండి, గట్టు ఉంటే స్టీరింగ్ కుడికి, గట్టుకు అవతలి వైపు తిప్పాలి. ఇది చాలామందికి తలకిందులుగా తోస్తుంది. బండి వెనక్కి దొర్లేటప్పుడు కుడికి తిరిగిన చక్రాలు బండి ముందు భాగాన్ని ఎడమకు తెస్తాయి, ఎడమ టైరు వెనక భాగం గట్టుకు ఆనుకుంటుంది. అదే ఎడమకు తిప్పి ఉంచితే వెనక భాగం గట్టు వైపు పోయి, వెనక టైరు గట్టును ఏటవాలుగా ఒరుసుకుంటూ ఎక్కడానికి చూస్తుంది, ముక్కు నడి రోడ్డు మీదికి వస్తుంది.

అమెరికాలో కుడి పక్క ఆపుతారు కాబట్టి హైదరాబాద్‌లో ఎడమ, కుడి అని బట్టీపట్టినవాళ్లు అక్కడికి వెళ్లి లైసెన్సు రాత పరీక్షలో తప్పు రాసే ప్రమాదం ఉంది. గట్టు వైపు, గట్టుకు అవతల అని గుర్తుపెట్టుకుంటే ఏ దేశంలోనైనా తేడా రాదు.

గట్టు ఎంత ఎత్తుండాలి? మన రోడ్ల ప్రమాణాల్లో గట్లు సుమారు 10, 15, 20 సెంటీమీటర్ల ఎత్తుల్లో ఉంటాయి. చిన్న కారు టైరు మధ్య నుంచి అంచు దాకా 30 సెంటీమీటర్లు. ముందు టైరు మీద 300 కిలోల బరువుంటే, ఆగి ఉన్న ఆ టైరు 15 సెంటీమీటర్ల గట్టు ఎక్కడానికి 500 కిలోలకు మించిన తోపు కావాలి. 20 శాతం వాలు కూడా తోసేది 196 కిలోలే, కాబట్టి గట్టు గెలుస్తుంది. 10 సెంటీమీటర్ల గట్టుకు 330 కిలోలు, ఇంకా నిశ్చింతే. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి గట్టు 5 సెంటీమీటర్లే మిగిలిన చోట మాత్రం 200 కిలోలు చాలు. నిటారు వాలు మీద అది సరిసమానంగా ఉంటుంది, బండి కాస్త దొర్లి వచ్చి తగిలితే ఎక్కేస్తుంది. మన కాలనీల్లో తారు పొరల కింద సగం మునిగిన గట్టును చూసి ధైర్యం తెచ్చుకోకండి. దాన్ని గట్టు లేనట్టే లెక్కవేయాలి.

గట్టు లేని చోట నియమం మారుతుంది. ముక్కు ఎటున్నా స్టీరింగ్ ఎడమకే, రోడ్డు అంచు వైపు తిప్పాలి. బండి దొర్లితే ట్రాఫిక్‌లోకి కాకుండా పక్కకు పోతుంది. ఈ నియమం పక్కన మట్టి, కాలువ, పొలం ఉన్న రోడ్డును దృష్టిలో ఉంచుకున్నది. అరకు దారిలో ఎడమ పక్క లోయ ఉంటే పక్కకు పంపడమంటే లోయలోకి పంపడమే. అక్కడ చేయాల్సింది స్టీరింగ్ గురించి ఆలోచించడం కాదు, ఎడమ పక్కన కొండ గోడ వచ్చేదాకా లేదా చదునైన వెడల్పు చోటు దొరికేదాకా ముందుకు పోవడం. కొండ గోడ దొరికితే అదే గట్టు.

తప్పనిసరిగా అక్కడే ఆగాల్సి వస్తే రాయి. లారీ డ్రైవర్ల అలవాటు సరైనదే. దొర్లే వైపు, టైరుకు సందు లేకుండా తాకించి పెట్టాలి. గుండ్రటి రాయి టైరుతో పాటే దొర్లుతుంది, కాబట్టి ఒక పక్క బల్లపరుపుగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఎత్తు కారుకైతే కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలని పై లెక్కే చెబుతోంది. డిక్కీలో రెండు చెక్క దిమ్మలు వేసుకుంటే వెతుకులాట ఉండదు. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 126 ప్రకారం డ్రైవర్ సీటులో లైసెన్సున్న మనిషి లేకుండా బండి వదిలితే ఇంజన్ ఆపి, బ్రేకు వేయడమో, దానంతట అది కదలకుండా ఇతర ఏర్పాటు చేయడమో తప్పనిసరి. దిమ్మ కూడా అలాంటి ఏర్పాటే.

బైకు విషయం ఒక్క మాటలో చెప్పొచ్చు. సైడ్ స్టాండ్ వెనక్కి మడుచుకుంటుంది, బండి ముందుకు దొర్లితే దానంతట అదే మడుచుకుపోతుంది. అందుకని ముక్కు పైకి పెట్టి, ఫస్ట్ గేర్‌లో వేసి ఆపాలి. గేర్లు లేని స్కూటర్‌కు చదునైన చోటు వెతకడమే మేలు.

తిరిగి తీసేటప్పుడు

టైరు గట్టుకు ఆనుకున్న కారులో తిరిగొచ్చి కూర్చుంటే తాళం తిరగకపోవచ్చు. స్టీరింగ్ లాక్ మీద టైరు ఒత్తిడి ఉండడం వల్ల అలా అవుతుంది, తాళం చెడిపోయి కాదు. ఒక చేత్తో స్టీరింగ్‌ను అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ ఇంకో చేత్తో తాళం తిప్పితే వదులుతుంది. బలంగా తిప్పితే తాళంచెవి వంగుతుంది.

దిమ్మలు ఉంటే ముందు కాలిబ్రేకు మీద ఒక మనిషిని కూర్చోబెట్టి, పక్క నుంచి తీయాలి, బండి కింది వైపు నిలబడి కాదు. ఆ తర్వాత కాలిబ్రేకు గట్టిగా నొక్కి, గేరో పీనో తీసి, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదలాలి. ముక్కు పైకి ఉన్న కారు ముందుకు కదులుతూనే స్టీరింగ్ తిన్నగా చేసుకోవచ్చు, టైరు గట్టు నుంచి దానంతట అదే దూరమవుతుంది. ముక్కు కిందికి ఉన్న కారుకు మాత్రం టైరు ముందు భాగం గట్టుకు ఆని ఉంటుంది కాబట్టి ముందుకు పోనిస్తే గట్టు ఎక్కుతుంది. రివర్స్ వేసి ఒక అడుగు వెనక్కి, అంటే ఎక్కుడు వైపు జరిగి, స్టీరింగ్ కుడికి తిప్పుకుని అప్పుడు కదలాలి. ఆ ఒక అడుగు కోసం వెనక ఎవరైనా తగిలించి ఆపారేమో కారు ఎక్కకముందే చూసుకోండి. ఆపేటప్పుడు కూడా మీ వెనక బండికి అంత చోటు వదలండి.